ఒక నంబరు పెద్దదివ్వండి!

జూన్ మొదటి వారంలో ఏ ఊళ్ళోనైనా చెప్పుల షాపు దగ్గర కాసేపు నిలబడితే వినిపించే మాట ఒకటే. "అన్నా, ఒక నంబరు పెద్దదివ్వు. ఎదిగే పిల్లాడు, ఏడాదంతా రావాలి." షాపులో కుర్రాడు అట్టపెట్టె తెరిచి నల్ల బూటు తొడుగుతాడు. లేసు కట్టకుండానే ముందు భాగం మీద బొటనవేలితో నొక్కి, "ఇంకా జాగా ఉందమ్మా" అంటాడు. తల్లి కూడా ఒకసారి నొక్కి చూస్తుంది. పిల్లాడు నాలుగడుగులు అటూ ఇటూ నడుస్తాడు, బిల్లు అయిపోతుంది. పట్టుమని ఐదు నిమిషాలు పట్టదు. ఆ బూట్లలోనే వాడు వచ్చే వేసవి దాకా రోజుకు ఏడెనిమిది గంటలు గడపాలి.

ఇంత తతంగంలో ఎవరూ చేయని పని ఒకటుంది. పిల్లాడి పాదాన్ని కొలవడం. కొలవనంత కాలం "ఒక నంబరు పెద్దది" అనే మాటకు అర్థం లేదు. దేనికంటే పెద్దది? పాత బూటు కంటే అనే కదా. ఆ పాత బూటు నాలుగు నెలల నుంచీ ఇరుకుగా ఉంటే, ఒక నంబరు పెంచడంతో అది ఈ రోజుకు మాత్రమే సరిపోతుంది. ఎదగడానికి ఏమీ మిగలదు. పాత బూటే వదులుగా ఉన్నదైతే, ఇంకో నంబరు పెంచడంతో మడమ నిలవనంత పెద్దదైపోతుంది.

ఒక నంబరుకు ఎంత తేడా వస్తుందో ముందు చూద్దాం. మన దగ్గర అమ్మే స్కూలు బూట్ల నంబర్లు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతిలోవి. ఆ పద్ధతిలో ఒక నంబరుకూ తర్వాతి దానికీ మధ్య దూరం అంగుళంలో మూడో వంతు. పూర్వం ఇంగ్లండులో బార్లీ గింజ పొడవును అంతగా లెక్కగట్టేవారు, ఆ కొలతే బూట్లకు స్థిరపడిపోయింది. మన స్కేలు మీద అది సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల నంబర్లు 13 దాకా వెళ్ళి మళ్ళీ 1 నుంచి మొదలవుతాయి. కాబట్టి 13 ఇరుకైన పిల్లాడికి కావలసింది 1. బూటు మీద 31, 32 లాంటి పెద్ద అంకెలు కూడా ఉంటాయి, అవి యూరప్ పద్ధతివి. అక్కడ ఒక అంకెకూ ఇంకో అంకెకూ తేడా ఆరున్నర మిల్లీమీటర్లు దాటుతుంది.

లెక్క ప్రకారం ఇలా ఉన్నా, ఒక కంపెనీ 12కూ ఇంకో కంపెనీ 12కూ లోపలి పొడవులో తేడా ఉంటుంది. అందుకే నంబరును అడ్రసులాగా వాడుకోవాలి తప్ప కొలతలాగా కాదు. ఏ అరలో వెతకాలో అది చెబుతుంది. సరిపోతుందో లేదో చెప్పేది స్కేలే.

పిల్లాణ్ణే అడిగితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. చిన్నపిల్లల పాదంలో చాలా భాగం ఇంకా గట్టిపడని మెత్తటి మృదులాస్థి. అది పూర్తిగా ఎముకగా మారడానికి పదిహేను, పద్దెనిమిదేళ్ళు పడుతుంది. ఆ మెత్తదనం వల్ల పాదం ఇరుకు బూటుకు తగ్గట్టు సర్దుకుపోతుంది, వేళ్ళు ముడుచుకుని ఒదిగిపోతాయి. పెద్దవాళ్ళకైతే వెంటనే ప్రాణం మీదకొచ్చే ఇరుకు చిన్నపిల్లలకు అంతగా తెలియదు. "కరుస్తోందా నాన్నా?" అని అడిగితే, కొత్త బూటు మెరుపు చూసుకుంటూ "లేదు" అంటారు. నిజంగానే వాళ్ళకు నొప్పి తెలియదు.

బొటనవేలితో నొక్కి చూడటంలో ఉన్న చిక్కు కూడా ఇలాంటిదే. పైనుంచి ఎవరైనా నొక్కగానే పిల్లలు తెలియకుండానే వేళ్ళు లోపలికి ముడుచుకుంటారు. నొక్కిన వేలికి ఖాళీ తగులుతుంది, చేయి తీయగానే వేళ్ళు మళ్ళీ ముందుకొచ్చి బూటు కొసను తాకుతాయి. పైగా స్కూలు బూటు ముందు భాగం ఆకారం చెడకుండా గట్టిగా తయారు చేస్తారు, అది నొక్కినా పెద్దగా దిగదు. తరాలుగా చేస్తున్న ఈ పరీక్షను నేనైతే పూర్తిగా మానేయమంటాను.

ఇరుకు బూటు వల్ల నిజంగా ఏదైనా అవుతుందా? ఆస్ట్రియాలో బడికి వెళ్ళబోయే వయసు పిల్లలు 858 మంది పాదాలనూ బూట్లనూ కొలిచి చూసిన పరిశోధన ఒకటి 2009లో వచ్చింది. బయట వేసుకునే బూట్లు మూడింట రెండొంతుల మందికి పైగా పొట్టిగా ఉన్నాయి. బూటు ఎంత పొట్టిగా ఉంటే, బొటనవేలు పక్క వేళ్ళ వైపు అంత ఎక్కువగా వంగి కనిపించింది. అక్కడ పిల్లల బూట్ల గురించి శ్రద్ధ తక్కువేమీ కాదు. కొన్న రోజున సరిపోయిన బూటు కొన్ని నెలలకే పొట్టిదైపోతుంది, ఆ సంగతి బయటికి కనిపించదు. చిక్కంతా అక్కడుంది.

పన్నెండు మిల్లీమీటర్లు

బూటు లోపల పొడవైన వేలి ముందు ఎంత ఖాళీ ఉండాలి? బడి వయసు పిల్లలకు సుమారు 12 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ళ చేతి చూపుడువేలు వెడల్పుకు దగ్గరగా ఉంటుంది. ఈ 12లో రెండు వాటాలున్నాయి. బూటు ఎప్పుడు మార్చాలనే లెక్కకు కూడా ఇవే ఆధారం కాబట్టి విడివిడిగా చూడాలి.

మొదటి వాటా నడకది. అడుగు వేసినప్పుడు బరువు పడి పాదం కొంచెం సాగుతుంది, బూటు లోపల కాస్త ముందుకు జరుగుతుంది. పరుగెత్తి ఆగినప్పుడు, మెట్లు దిగినప్పుడు ఇంకొంచెం జరుగుతుంది. దీనికి ఐదారు మిల్లీమీటర్లు ఎప్పుడూ కావాలి. ఆ మేర ఖాళీ లేకపోతే ప్రతి అడుగుకూ గోరు బూటు కొసను గుద్దుకుంటుంది.

రెండో వాటా ఎదుగుదలది. మిగిలిన ఆరేడు మిల్లీమీటర్లే నిజంగా పెరగడానికి ఉంచిన జాగా. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పాదం నెలకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఆ తర్వాత కొంత నెమ్మదించి, ఏడాదికి ఒక సెంటీమీటరు కాస్త అటూ ఇటూగా సాగుతుంది. యూకేజీ పిల్లకు జూన్‌లో 12 మిల్లీమీటర్ల ఖాళీతో కొన్న బూటు డిసెంబరు నాటికి నడక వాటాకు దిగిపోతుంది. మూడో తరగతి పిల్లాడికి సంక్రాంతి దాకా వస్తుంది. బూటు బాగానే ఉంటుంది, అతుకు ఊడదు, రంగు పోదు. కానీ దాని పని అయిపోయింది.

అయితే మొదటే ఇరవై, ఇరవై అయిదు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, కొసలో దూదో గుడ్డ పేలికలో కుక్కితే రెండేళ్ళు గడవవా? చాలా ఇళ్ళలో చేసే పనే ఇది. నష్టం వేళ్ళ దగ్గర కాదు, వాటి వెనక జరుగుతుంది. నడిచేటప్పుడు పాదం వేళ్ళ మొదలు దగ్గర మడుస్తాం. బూటు కూడా అక్కడే వంగేలా తయారవుతుంది. రెండు నంబర్లు పెద్దదైన బూటులో ఆ వంగే చోటు వేళ్ళ మొదళ్ళకు కాకుండా వేళ్ళ కిందికి వెళ్ళిపోతుంది. పాదం ఒకచోట వంగాలని చూస్తుంది, బూటు ఇంకోచోట వంగుతుంది. మడమ అడుగడుగునా బూటులోంచి లేచి పడుతుంది, బూటు ఊడకుండా పిల్లాడు వేళ్ళతో పట్టుకుని నడుస్తాడు. ఆటల పీరియడ్‌లో తట్టుకుని పడేది ఈ బూట్లతోనే. ఎక్కువలో ఎక్కువగా 17 మిల్లీమీటర్లు దాటనివ్వకూడదు. అది కూడా పట్టు ఉన్న బూటులో మాత్రమే.

పట్టు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వేళ్ళ ముందు ఖాళీ ఖాళీగానే ఉండాలంటే మడమ వెనక్కి ఆనుకుని ఉండాలి. మడమను అలా నిలబెట్టేది పాదం పైభాగాన బిగించే లేసు, లేదా అంటించే వెల్క్రో పట్టీ, లేదా బకిలు. అవి వదులైతే పాదం జారి ముందున్న ఖాళీని నింపేస్తుంది, వేళ్ళు కొసకు తగులుతాయి. కొలత ప్రకారం పెద్దదే అయిన బూటు కాలికి ఇరుకు బూటులా పనిచేస్తుంది. ఆడపిల్లల యూనిఫారానికి కొన్ని బడులు అడిగే, పట్టీ లేని బెల్లీ బూట్లతో వచ్చే చిక్కు ఇదే. కాలికి నిలవాలంటే అవి బిగుతుగానే ఉండాలి. బిగుతుగా ఉంటే ఎదిగే జాగా ఉండదు. వదులుగా కొంటే ఊడిపోతాయి. వాటిలో 12 మిల్లీమీటర్లు ఉంచడం కుదిరే పని కాదు. బడివాళ్ళు ఒప్పుకుంటే పట్టీ ఉన్న రకమే తీసుకోవాలి. చిన్న తరగతుల పిల్లలకు లేసు కట్టుకోవడం రాకపోతే వెల్క్రో మేలు. లేసు కట్టడం రాని పిల్లాడు వదులుగా ముడివేసిన బూటులోకి అలాగే కాలు దూర్చేస్తాడు, వెనక భాగాన్ని తొక్కి అణిచేస్తాడు.

ఇంట్లో కొలత, షాపులో కొలత

రెండో తరగతిలోకి వెళ్ళబోయే ఏడేళ్ళ పాప ఒకరిని ఊహించుకుందాం. సాయంత్రం, ఆటలయ్యాక కొలవాలి. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, బూటు ఆ పాదానికి కూడా సరిపోవాలి. గోడకు ఆనించి నేల మీద తెల్ల కాగితం పరచండి. బడికి వేసుకునే సాక్సు తొడిగి, మడమ గోడకు తగిలేలా పాపను నిలబెట్టండి. రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి నిలబడాలి. కూర్చోబెట్టి కొలిస్తే కొన్ని మిల్లీమీటర్లు తక్కువ వస్తాయి. అన్నింటికంటే పొడవైన వేలి ముందు పెన్సిల్‌ను నిటారుగా నిలబెట్టి గీత గీయండి. చాలామందికి బొటనవేలి కంటే రెండో వేలు పొడవుగా ఉంటుంది, అలాంటప్పుడు దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. రెండు పాదాలూ కొలవాలి, అవి ఒకేలా ఉండటం అరుదు.

మన పాపకు ఎడమ పాదం 192 మిల్లీమీటర్లు, కుడి పాదం 195 వచ్చాయనుకుందాం. పెద్దదే లెక్క, అంటే 195. దానికి 12 కలిపితే 207. బూటు లోపలి పొడవు అంత ఉండాలి. ఒక గట్టి అట్టను వేలెడు వెడల్పున, సరిగ్గా 207 మిల్లీమీటర్ల పొడవున పట్టీలా కత్తిరించండి. పుస్తకాలకు వేసే అట్టకంటే మందంగా, వంగనిదిగా ఉండాలి. రెండు చివరలూ కొద్దిగా గుండ్రంగా కోయండి. షాపుకు పట్టుకెళ్ళాల్సింది ఈ అట్టముక్కనూ పాపనూ, పాప బడి సాక్సునూ.

ఇప్పుడు నంబరు. బ్రిటిష్ లెక్కలో 12కు వచ్చే పొడవు సుమారు 203 మిల్లీమీటర్లు, 13కు 212కు కాస్త తక్కువ. మనకు కావలసిన 207 సరిగ్గా రెండింటి నడుమ పడింది. అర నంబర్లు మన స్కూలు బూట్లలో అరుదు. 12 తీసుకుంటే ఖాళీ ఎనిమిది మిల్లీమీటర్లే. అందులో నడకకు పోగా మిగిలేది రెండు, దసరాలోపే అయిపోతుంది. 13 తీసుకుంటే ఖాళీ దాదాపు 17, అంటే పై హద్దు. "పెద్దదే తీసుకెళ్ళండమ్మా" అని షాపతను 13 ఇస్తాడు.

ఇక్కడ తొందరపడకుండా రెండు పనులు చేయాలి. మొదటిది, 13 తొడిగి మడమను నేలకు తట్టి వెనక్కి ఆనించి, లేసు బిగించి కట్టి, పాపను షాపు మెట్లు ఎక్కించి దించాలి. మెట్లు దిగేటప్పుడు మడమ చూడండి. పిసరంత కదిలితే ఫర్వాలేదు. సాక్సు మడమ బూటు అంచు దాటి పైకి కనబడుతోందంటే ఆ బూటు వద్దు. రెండోది, వేరే కంపెనీ 12 అడగడం. లోపలి మెత్త ఊడి వచ్చే రకమైతే దాన్ని బయటికి తీసి అట్టముక్కను దాని మీద పెట్టి చూడండి. పాపను మెత్త మీద నిలబెడితే వేళ్ళ ముందు ఎంత మిగిలిందో కంటికే కనిపిస్తుంది. మెత్త ఊడకపోతే అట్టముక్కను బూటులోకి దూర్చండి. వంగకుండా, నొక్కకుండా సాఫీగా పడుకుంటే కనీసం కావలసినంత పొడవు ఉన్నట్టు. వెనక ఇంకా వేలు పట్టేంత ఖాళీ మిగిలితే అది మరీ పెద్దది. ఒక కంపెనీ 12 లోపల కొలిచి చూస్తే 206, 207 ఉండవచ్చు. అలాంటిది దొరికితే, లూజుగా ఉన్న 13 కంటే అదే మంచిది. ఒకవేళ 13లో మడమ కదలకుండా నిలిస్తే దాన్నీ తీసుకోవచ్చు, ఎక్కువ కాలం వస్తుంది. తీర్పు చెప్పేది మెట్ల మీద మడమ.

పొడవు కుదిరాక వెడల్పు చూడాలి. వేళ్ళ మొదలు దగ్గర బూటు పైభాగాన్ని బొటనవేలితో అడ్డంగా రుద్దితే చిన్న మడత రావాలి. రాకపోతే ఇరుకు. బాగా లేస్తే మరీ వదులు. మనవాళ్ళ పాదాలకు ఈ ఇబ్బంది ఎక్కువే. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలను కొలిపించింది. 2021 చివర్లో మొదలైన ఆ సర్వేలో, పాశ్చాత్యుల పాదాల కంటే మన పాదాలు వెడల్పుగా ఉన్నాయని తేలింది. ఆ కొలతల ఆధారంగా భారతీయుల కోసం "భ" అనే పేరుతో కొత్త నంబర్ల పద్ధతినే ప్రతిపాదించారు. ప్రస్తుతానికి మనం కొంటున్నవి ఎక్కువగా పాత నంబర్ల బూట్లే కాబట్టి, పాదం వెడల్పైన పిల్లలకు పొడవు సరిపోయినా పక్కలు పట్టేస్తాయి. దానికి మందు నంబరు పెంచడం కాదు. ముందు భాగం గుండ్రంగా, విశాలంగా ఉన్న ఇంకో నమూనా వెతకడం. "వేసుకుంటూ ఉంటే సాగుతుంది" అనే మాట నిజం తోలుకు కొంత వరకు చెల్లుతుంది. మామూలు స్కూలు బూట్లలో చాలావరకు ఉండేది ప్లాస్టిక్ పూత, అది పెద్దగా సాగదు.

ఇక బూటు నిర్మాణం గురించి రెండు నిమిషాలు చాలు. వెనక మడమ గోడను రెండు వేళ్ళతో నొక్కండి. అది గట్టిగా నిలబడాలి. కొసనూ మడమనూ పట్టుకుని వంచండి. వేళ్ళ మొదళ్ళు వచ్చే చోట సులువుగా వంగాలి, నడిమధ్యన మడత పడితే వద్దు. అసలు వంగనే వంగని మందపాటి సోలు కూడా వద్దు. అడుగు నున్నగా ఉండకూడదు. బడులు తెరిచే రోజులే వానలు మొదలయ్యే రోజులు.

దసరాకు, సంక్రాంతికి

కొన్నాక ఎప్పుడు మార్చాలి అనే ప్రశ్నకు "ఏడాదికోసారి" అనే జవాబు అలవాటుగా వచ్చేసింది. బడి ఏడాదికోసారి తెరుస్తుంది కాబట్టి అలా. పాదానికి ఆ క్యాలెండర్ తెలియదు. ఐదేళ్ళలోపు పిల్లలకు మూడు నెలలకోసారి, ఆపైన పదేళ్ళ దాకా నాలుగైదు నెలలకోసారి కొలిస్తే సరిపోతుంది. మనకు గుర్తుండటానికి దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు చక్కగా కుదురుతాయి. జూన్‌లో కొన్న బూటుకు దసరాకు ఒక కొలత, సంక్రాంతికి ఇంకో కొలత.

కొలవడం కూడా సులువే. మళ్ళీ గోడకు కాగితం పెట్టి పాదం కొలిచి, దానికి ఆరు మిల్లీమీటర్లు కలిపి అట్టముక్క కోయండి. ఆ ముక్క పాత బూటులో సాఫీగా పట్టకపోతే బూటు మార్చే వేళ వచ్చినట్టే. మన ఏడేళ్ళ పాప పాదం 195 నుంచి సంక్రాంతికి 201 అయిందనుకోండి. ఆరు కలిపితే 207. కొన్న బూటు లోపలి పొడవు 207 కాబట్టి ముక్క ఇప్పటికి పడుతుంది, కానీ ఇంకో నెల గడిస్తే పట్టదు. ఇప్పుడు ఇంటివాళ్ళ ముందు ఉన్న ప్రశ్న, ఏప్రిల్ దాకా నెట్టుకురావాలా అని. నా మాటకొస్తే వద్దు. జనవరిలో కొత్త బూటు 213 పొడవున తీసుకుంటే అది ఏప్రిల్ దాకా హాయిగా వస్తుంది, వేసవి సెలవుల్లో బూటు వాడకమే ఉండదు, జూన్‌లో ఇంకా కొంత జాగా మిగలవచ్చు. ఖర్చు పెరగలేదు, కొనే నెల మారింది అంతే.

కొలిచే లోపే కనబడే గుర్తులు కొన్ని ఉంటాయి. సాక్సు బొటనవేలి దగ్గర మాటిమాటికీ చిరుగుతోందా? ఇంటికి రాగానే గడపలోనే బూట్లు విసిరేస్తున్నాడా? సాయంత్రం సాక్సు తీసి చూస్తే వేళ్ళ పైనా మడమ వెనకా ఎర్రటి గీతలున్నాయా? బొటనవేలి గోరు మూలలు మాంసంలోకి దిగి నొప్పి పెడుతున్నాయా? లోపలి మెత్తను బయటికి తీస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. దాని మీద వేళ్ళ అచ్చులు పడి ఉంటాయి. ఆ అచ్చుల ముందు అంచు మెత్త చివరికి చేరిపోయి ఉంటే బూటు పొట్టిదైనట్టు. అచ్చులు కొసకు దూరంగా ఉన్నా మడమ గోడ లోపలి గుడ్డ అరిగి చిరిగిపోయి ఉంటే, బూటు వదులై మడమ రోజంతా రాసుకుంటున్నట్టు.

ఒక్క జాగ్రత్త. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య, ముఖ్యంగా బాగా ఆటలాడే పిల్లలు మడమ వెనక నొప్పి అని చెబితే నింద మొత్తం బూటు మీద వేయకండి. ఆ వయసులో మడమ ఎముక పెరిగే చోట వాపు రావడం మామూలు. కుంటుతుంటే, వారమైనా తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి. అడుగు భాగం ఒకే పక్కకు విపరీతంగా అరిగిపోతున్నా, రెండు బూట్లూ రెండు రకాలుగా అరుగుతున్నా డాక్టరుకు ఆ పాత బూట్లు కూడా చూపించడం మంచిది.

ఖర్చు సంగతి

ఏడాదికి రెండు జతలా అని చాలామంది తల్లిదండ్రులకు అనిపిస్తుంది. నల్ల బూట్లతో పాటు ఆటల రోజుకు తెల్ల కాన్వాసు బూట్లు కూడా కొనాలి, ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే లెక్క ఎక్కడికో పోతుంది. డబ్బు పెట్టాల్సిన చోటు తెలిస్తే ఈ భారం కొంత దిగుతుంది. ఆరేళ్ళలోపు పిల్లలకు బూటు అరిగేలోపే ఇరుకవుతుంది. వాళ్ళకు మూడేళ్ళు మన్నే ఖరీదైన బూటు కొనడంలో అర్థం లేదు. పట్టూ వెడల్పూ సరిగా ఉన్న మధ్యరకం బూటు ఆరునెలలకు ఒకటి కొనడమే మేలు. పదేళ్ళు దాటాక తలకిందులవుతుంది. బంతిని తన్నీ సైకిలుకు బ్రేకులుగా వాడీ బూటును చింపేస్తారు. అప్పుడు కుట్టు గట్టిగా ఉన్నదానికి కాస్త ఎక్కువ పెట్టవచ్చు.

అన్నయ్య బూటు తమ్ముడికి వేయకూడదని ఖండితంగా చెప్పే డాక్టర్లున్నారు. బాగా తొడిగిన బూటు మొదటివాడి పాదం ఆకారానికి వాలిపోతుంది, లోపలి మెత్తలో వాడి వేళ్ళ గుంటలు పడతాయి, ఇది నిజం. కానీ ఆరు నెలలు కూడా తొడగకుండానే ఇరుకైపోయిన బూటును పారేయమనడం నాకు సబబుగా అనిపించదు. నేల మీద పెట్టి వెనకనుంచి చూడండి. మడమ గోడ నిటారుగా ఉందా, అడుగు రెండు పక్కలా సమానంగా అరిగిందా చూసి, లోపలి మెత్త కొత్తది వేసి, తమ్ముడి అట్టముక్కతో కొలిచి కుదిరితే వేయవచ్చు. పక్కకు వాలిన బూటు మాత్రం ఎంత కొత్తగా మెరుస్తున్నా వద్దు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పుస్తకాలూ యూనిఫారంతో పాటు బూట్లూ సాక్సులూ కిట్‌గా ఇస్తున్నారు. 2020లో విద్యాకానుకగా మొదలైన ఈ పథకం ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో నడుస్తోంది. ప్రైవేటు బడులు కొన్ని తామే బూట్లు అమ్ముతాయి. రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే, కొలత ఎప్పుడు తీసుకున్నారని. కొలత తీసుకున్న నాటికీ బూటు చేతికొచ్చే నాటికీ మధ్య నాలుగైదు నెలలు గడిస్తే, ఎదుగుదల కోసం ఉంచిన వాటాలో సగానికి పైగా పెట్టెలో ఉండగానే ఖర్చయిపోతుంది. టీచరు కొలత అడిగినప్పుడు పిల్లాడి పాత బూటు నంబరు చెప్పకుండా ఆ రోజు పాదం కొలత మిల్లీమీటర్లలో రాసి పంపండి. వచ్చిన బూటు పట్టకపోతే దాన్ని అలాగే తొడిగించకుండా మార్చి ఇమ్మని మొదటి వారంలోనే అడగాలి.

సాక్సుల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. ఉతికి ఉతికి ముడుచుకుపోయిన సాక్సు సరైన బూటులో కూడా వేళ్ళను ముడిచేస్తుంది. బూటు మార్చినప్పుడల్లా సాక్సు కూడా మారాలి. వానాకాలంలో తడిసిన బూటును పొయ్యి పక్కనో ఎర్రటి ఎండలోనో పెడితే పైపూత బీటలు వారి జిగురు ఊడుతుంది. లోపలి మెత్త తీసి, పాత న్యూస్ పేపరు ఉండలు కుక్కి, ఫ్యాను కింద పెడితే తెల్లారేసరికి చాలావరకు ఆరుతుంది. తడి బూటులో రోజంతా ఉన్న పాదానికి వేళ్ళ సందుల్లో పాచి పట్టినట్టు తెల్లగా చీలడం, దురద మన వాతావరణంలో మామూలే.

ఇంటికొచ్చాక మాత్రం బూటు ఊసే వద్దు. మణిపాల్ కస్తూర్బా మెడికల్ కాలేజీ డాక్టర్లు ఇద్దరు 1992లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ప్రపంచమంతా ఉదహరిస్తుంది. నాలుగు నుంచి పదమూడేళ్ళ పిల్లలు 2,300 మంది పాదముద్రలు తీసుకుని వాళ్ళు పరిశీలించారు. బూట్లు, చెప్పులు వాడేవాళ్ళలో నూటికి ఎనిమిదిన్నర మందికి పైగా పాదం వంపు లేకుండా చదునుగా ఉంటే, ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళలో అది నూటికి ముగ్గురి లోపే. ముందు భాగం మూసి ఉన్న బూట్లు వేసుకునే పిల్లల్లో అది అన్నింటికంటే ఎక్కువ, శాండిళ్ళు, స్లిప్పర్లు వేసుకునేవాళ్ళలో తక్కువ. దీన్నిబట్టి బడికి బూట్లు మానేయమని కాదు. సాయంత్రం ఇంట్లో, వాకిట్లో శుభ్రమైన నేల మీద పిల్లలు ఉత్త కాళ్ళతో తిరిగితే "చెప్పులేసుకో" అని వెంటపడకండి.

ఈ కొలతల గోల ఎన్నాళ్ళంటే, ఆడపిల్లలకు పన్నెండు, పదమూడేళ్ళ దాకా, మగపిల్లలకు పదిహేను దాకా. ఆ చివరి దశలో ఒక విశేషముంది. పిల్లలు ఒక్కసారిగా పొడుగు సాగే కాలంలో ముందు పెరిగేది పాదమే. ప్యాంటు పొట్టి కాకముందే బూటు ఇరుకవుతుంది. ఏడు, ఎనిమిది తరగతుల్లో కొందరికి ఒకే ఏడాదిలో రెండు నంబర్లు మారతాయి. కాబట్టి ఆ రెండేళ్ళు మాత్రం మళ్ళీ యూకేజీ నాటి లెక్కకు వెళ్ళి మూడు నెలలకోసారి కొలవాలి. వరసగా రెండు కొలతల్లో పాదం కదలకుండా ఉంటే, అప్పుడు ఎదుగుదల వాటా లేకుండా నడక వాటాకు కాస్త కలిపి, ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల ఖాళీతో, మన్నిక చూసుకుని మంచి బూటు కొనవచ్చు.